భూదేవంత ఓర్పు ఎవరి అవసరం?

బస్తర్ రాజకీయాలలో అమ్మ అనే మాటకు ఉన్న గిరాకీ మరే మాటకూ లేదు. 2025 నవంబరులో ఛత్తీస్‌గఢ్ ఉప ముఖ్యమంత్రి సుక్మా జిల్లాలోని పువర్తి గ్రామానికి వెళ్లి మావోయిస్టు నాయకుడు హిడ్మా తల్లిని కలిశారు. కొడుకును ఇంటికి వచ్చేయమని ఆ వృద్ధురాలు కోరిన మాటలు దేశమంతా విన్నది. రోజులు గడవకముందే, నవంబరు 18న, ఆంధ్రప్రదేశ్‌లోని మారేడుమిల్లి అడవిలో అతడు ఎదురుకాల్పుల్లో మరణించాడన్న వార్త వచ్చింది. 2010 ఏప్రిల్‌లో తాడ్‌మెట్ల వద్ద 76 మంది జవాన్లు చనిపోయినప్పుడు కూడా వారి తల్లుల త్యాగాన్ని నాయకులందరూ కొనియాడారు. అడవిలోకి వెళ్లిన కొడుకు తల్లి అయినా, అడవిలోకి పంపబడిన కొడుకు తల్లి అయినా, ఆమె వంతుకు మిగిలేవి రెండే మాటలు: ఓర్పు, త్యాగం.

ఈ రెండు మాటలనూ ఒక పుట్టినరోజు కార్డు మీద రాయడానికి ఒక కొడుకు కూర్చుంటే ఏమవుతుంది? ప్రశ్న చిన్నదే. కాని పత్రికా ప్రకటనలో సులువుగా పట్టే మాట, సొంత తల్లికి సొంత చేతితో రాయవలసి వచ్చినప్పుడు ఎందుకు పట్టదో చూస్తే, ఆ మాట ఎవరి కోసం పుట్టిందో కొంత తెలుస్తుంది.

ఆ కొడుకుది ఛత్తీస్‌గఢ్ దక్షిణపు అంచున, శబరి ఒడ్డున ఉన్న కుంట. ప్రభుత్వ పలకల మీద కోంటా. సరిహద్దు దాటితే ఆంధ్రప్రదేశ్. బజారులో తెలుగు, దోర్లీ, గోండీ, హిందీ కలిసి వినబడతాయి. బడిలో మాత్రం హిందీ ఒక్కటే. అతడి తల్లి చింతూరు వైపు నుంచి కోడలిగా వచ్చిన మనిషి. అయిదో తరగతి దాకా తెలుగు బడిలో చదివింది. ఇప్పుడతడికి ముప్పై ఏళ్లు. రాయపూర్‌లో ఉద్యోగం, పెళ్లయింది, ఒక కూతురు. తల్లికి కార్డు రాయాలన్న కోరిక కూడా కూతురి పుట్టినరోజుకు కార్డులు వచ్చినప్పుడే పుట్టింది. నానమ్మ పుట్టినరోజు ఎప్పుడని ఆ పాప అడిగితే అతడి దగ్గర జవాబు లేదు.

కాగితాల మీద జవాబు ఉంది. ఆధార్ కార్డులో తల్లి పుట్టిన తేదీ జనవరి 1. ఆ ఊళ్లో ఆమె ఈడు ఆడవాళ్లలో జనవరి 1న పుట్టినవారికి కొదవ లేదు. జనన మరణాల నమోదు చట్టం వచ్చింది 1969లో. కాని ఇంట్లో మంత్రసాని చేతుల మీద పుట్టిన ఆడపిల్ల పేరును నడిచివెళ్లి నమోదు చేయించినవారు ఆ ప్రాంతంలో అరుదు. ఆధార్ నమోదుకు వచ్చినప్పుడు తేదీ తెలియనివారు వయసు చెప్పారు; వయసు నుంచి సంవత్సరం వచ్చింది; తేదీ గడిలోకి సంవత్సరపు మొదటి రోజు చేరింది. తల్లిని అడిగితే ఆమె వేరే లెక్క చెప్పింది. ఇప్పపూలు రాలే రోజుల్లో, తెల్లవారకముందు పుట్టానని వాళ్లమ్మ చెప్పేదట. ఇప్పపువ్వు రాలేది మార్చి, ఏప్రిల్ నెలల్లో. అంటే ప్రభుత్వం ఆమెను మూడు నెలలు ముందే పుట్టించింది. కొడుకు జనవరిని వదిలి ఇప్పపూల కాలానికే కార్డు పంపాలని నిశ్చయించుకున్నాడు. తేదీ ఖాళీగా వదిలి, నెల స్థానంలో చెట్టు పేరు రాశాడు.

అసలు చిక్కు ఆ తరువాతే మొదలైంది. కార్డులో ఏం రాయాలి?

ముందుగా అందరి చేతికీ తగిలేదే అతడికీ తగిలింది. అమ్మకు భూదేవంత ఓర్పు. తెలుగులో ఇంతకన్నా అరిగిన పొగడ్త లేదు. దీని వేరు చాలా లోతైనది. సంస్కృతంలో క్షమ అన్న మాటకు ఓర్పు అనే అర్థంతోపాటు భూమి అనే అర్థం కూడా ఉంది. అన్నిటినీ సహించేది కనుక భూమికి సర్వంసహ అనే పేరు కూడా ఉంది. కాని ఈ పోలిక జనంలోకి బాగా దిగింది తల్లిని గురించిన మాటగా కాదు. మంచి భార్యకు ఉండవలసిన ఆరు లక్షణాలను ఏకరువు పెట్టే నీతిశ్లోకం ఒకటి పెళ్లి మాటల్లో తరచు వినబడుతుంది. ఓర్పులో భూమిలా ఉండాలన్నది అందులో ఒక లక్షణం. అంటే మొదట ఇది కోడలికి పెట్టిన నియమం. కోడలు తల్లి అయ్యాక అదే నియమం పొగడ్తగా మారింది. ఎవరికి లాభమో వారే రాసుకున్న నియమం ఇది. ఓర్చుకోవాలని ఓర్చుకునేవారు ఎన్నడూ శ్లోకం రాయలేదు.

ఈ పోలిక బస్తర్ నేలలో మరో చోట కూడా విరుగుతుంది. అక్కడి ఆదివాసుల లెక్కలో భూమి తల్లే, కాని ఏం చేసినా పడివుండే తల్లి కాదు. విత్తనాలు చల్లే ముందు విత్తనాల పండుగ జరగాలి. గోదావరి ఇవతలి కోయలు భూమి పండుగ అనేదీ ఈ తీరుదే. మామిడి పండుగ జరగనిదే కొత్త మామిడికాయ నోట పెట్టకూడదు. ఆ పండుగ పేరు మర్క పండుం. గోండీలో మర్క అంటే మామిడి. తీసుకునే ముందు అడగాలి, అడిగినవాడే తినాలి అన్నది అక్కడి నీతి. భూమి ఓర్చుకుంటుంది కనుక తవ్వుకోవచ్చు అన్న ఆలోచన ఆ పండుగల్లో లేదు. ఆ ఆలోచన ఎక్కడుందో బైలాడిలా కొండల మీద 1960ల నుంచి నడుస్తున్న ఇనుప గనులను చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు. అడగకుండా తవ్వేవారికి భూదేవి ఓర్పు మీద ఎంతో నమ్మకం ఉంటుంది.

కొడుకు ఆ వాక్యాన్ని కొట్టివేశాడు. అతడి కారణం మాత్రం ఇంత పెద్దది కాదు. చదివి చూసుకుంటే ఆ మాట తన తల్లిని గురించి అనిపించలేదు. ఏ తల్లికైనా సరిపోయే చీర అది.

తరువాత సామెతల వంతు. తెలుగులో అమ్మ సామెతలకు లోటు లేదు. కాని వాటిని ఒక్కొక్కటిగా కార్డు పక్కన పెట్టి చూస్తే చాలావాటికి వెనుక ఒక ముల్లు కనిపిస్తుంది. తల్లి కడుపు చూస్తుంది, ఆలి జేబు చూస్తుంది అన్న సామెత తల్లిని ఎత్తుతుంది. అదే చేత్తో భార్యను దించుతుంది. కొడుక్కు కార్డు కొనిచ్చింది, కలం అందించింది భార్య. ఆమె చదవబోయే కార్డు మీద ఆ మాట రాయడం ఎంత పని చేస్తుందో అతడికి తెలుసు. పైగా ఆ జేబు నుంచే ఆమె నెలనెలా కుంటకు డబ్బు పంపించే గుర్తు చేస్తుంది. గొడ్రాలికేం తెలుసు బిడ్డ నొప్పి అన్నది మరొకటి. కార్డు అందే ఇంట్లో పిల్లలు లేని మేనత్త ఉంటుంది. తల్లి పొలానికి వెళ్లిన రోజుల్లో అతడికి అన్నం కలిపి పెట్టిన చేయి ఆమెది. ఒక తల్లిని గొప్ప చేయడానికి పక్కనున్న ఆడమనిషిని చిన్న చేయవలసి వస్తే ఆ సామెత పొగడ్త కాదు, తగువు. ఇలాంటివాటిని గుర్తు పట్టడానికి ఒక సులువైన మార్గం ఉంది. కార్డును తల్లి ఒక్కతే చదవదు. ఇంట్లో అందరూ వింటుండగా గట్టిగా చదివితే ఎవరి తల వంగుతుందో చూడాలి.

తల్లిని నమ్మినవాడూ ధరణిని నమ్మినవాడూ చెడడు అన్న సామెత ఈ పరీక్షకు నిలిచింది. ఎవరినీ గుచ్చదు. నాలుగు మాటల్లో నిండుగా ఉంటుంది. కొడుకు దాన్ని రెండు రోజులు కార్డు పక్కనే ఉంచుకున్నాడు. చివరికి దాన్ని కూడా ఎందుకు వదిలాడంటే, అది నమ్మినవాడి క్షేమం గురించి మాత్రమే మాట్లాడుతుంది. కొడుకు చెడలేదు, సరే. తల్లి సంగతేమిటి? ధరణి సంగతేమిటి? జగదల్‌పూర్‌కు దగ్గరలోని లోహండీగూడలో ధరణిని నమ్మిన పది గ్రామాల రైతుల భూమిని ఉక్కు కర్మాగారం పేరిట సేకరించారు. కర్మాగారం రాలేదు. సుమారు పదేళ్లు ఆ భూమి వారిది కాకుండా పోయింది. 2018 ఎన్నికల తరువాత ప్రభుత్వం మారాక, 2019లో పట్టాలు తిరిగి ఇచ్చారు. సామెత ప్రకారం చూస్తే వాళ్లు చెడలేదనే అనాలి. ఆ పదేళ్ల మాట సామెతలో లేదు. సామెతలు ముగింపును చెబుతాయి; మధ్యకాలం వాటికి పట్టదు. తల్లి ఓర్పు జరిగేదంతా మధ్యకాలంలోనే.

ఇక మిగిలింది త్యాగం. ఆ మాట దగ్గర అతడు ఎక్కువ సేపు ఆగాడు. త్యాగం అంటే వదులుకోవడం. చేతిలో ఉన్నదాన్ని, ఉంచుకోగలిగి కూడా, ఇష్టపడి విడిచిపెట్టడం. అతడి తల్లి వదులుకున్నవేమిటి? ఉంచుకోగలిగినవి ఏవి? తెలుగులో దీనికి మరో మాట ఉంది, మరింత నిక్కచ్చిది: నోరూ కడుపూ కట్టుకోవడం. ఈ మాటలో మహిమ లేదు, లెక్క ఉంది. ఎంత మిగిలింది, ఎవరికి వెళ్లింది అన్నది అడగవచ్చు. అతడు లెక్క వేయడానికి పూనుకున్నాడు.

లెక్క తునికాకుతో వేయాలి. ఎందుకంటే అతడి పుస్తకాల డబ్బు అక్కడి నుంచే వచ్చేది. ఏప్రిల్ చివర మొదలై మే నెలలో ముగిసే పని అది. తెల్లవారక ముందే అడవికి వెళ్లి, లేతగా, చిల్లులు లేకుండా ఉన్న ఆకును కోయాలి. ముదిరినా, పురుగు పట్టినా కల్లంలో తీసుకోరు. ఇంటికి తెచ్చి, ఎండ ఎక్కే వేళ నీడలో కూర్చుని, 50 ఆకులను ఒకదానిమీద ఒకటి సరిపెట్టి నారతో కట్టాలి. అది ఒక కట్ట. సాయంత్రం కల్లానికి మోసుకెళ్లి అప్పగిస్తే అక్కడ లెక్కించి కార్డులో రాస్తారు. వెయ్యి కట్టలైతే ఒక ప్రామాణిక బస్తా. అంటే 50,000 ఆకులు. గాలివాన వస్తే ఆకు పాడవుతుంది, ఆ ఏటి పని అక్కడితో సరి.

ఛత్తీస్‌గఢ్‌లో ఒక ప్రామాణిక బస్తాకు కూలి 2018లో రూ. 2,500. 2019లో దాన్ని రూ. 4,000 చేశారు. 2024లో రూ. 5,500 అయింది. ప్రతి పెంపూ ఎన్నికల వాగ్దానమే. రెండు పార్టీలూ ఆ ఆకు మీద ఓట్లు అడిగాయి. 2018 లెక్కనే తీసుకుంటే ఒక కట్టకు రెండున్నర రూపాయలు. అంటే ఒక రూపాయికి 20 ఆకులు. అయిదు వందల రూపాయల పుస్తకాలంటే 200 కట్టలు, 10,000 ఆకులు. అతడు చదువుకున్న రోజుల్లో ధర ఇంకా తక్కువ, కాబట్టి ఆకులు ఇంకా ఎక్కువ. ఒక జామెట్రీ పెట్టెను ఆకుల్లోకి మార్చి చూశాడు. ఒకసారి అలిగి బస్సు కిటికీలోంచి విసిరేసిన కొత్త చెప్పుల జతను కూడా మార్చి చూశాడు. ఆ అంకె దగ్గర లెక్క ఆపేశాడు. త్యాగం అన్న మాటను చదివినప్పుడు అతడి కళ్లలో నీళ్లు రాలేదు. ఈ అంకెను చూసినప్పుడు వచ్చాయి.

కాని ఆకుల లెక్కలో రాని బాకీ ఒకటి ఉంది. కార్డు కష్టమైంది నిజానికి దాని వల్లే.

2005 జూన్‌లో బీజాపూర్ వైపు మొదలైన సల్వాజుడుం 2006 నాటికి కుంట దాకా వచ్చింది. ఊళ్లు ఖాళీ అయ్యాయి, ఇళ్లు తగలబడ్డాయి, జనాన్ని రోడ్డు పక్కన శిబిరాలకు తరలించారు. వేల మంది సరిహద్దు దాటి ఇవతలికి వచ్చారు. 2006 జూలైలో కుంటకు దగ్గరలోని ఎర్రబోరు శిబిరం మీద మావోయిస్టులు రాత్రివేళ దాడి చేసి ముప్పై మంది దాకా చంపారు. ఒక వైపు వాళ్లకు కుర్రవాళ్లు ప్రత్యేక పోలీసులుగా కావాలి; మరో వైపు వాళ్లకు దళంలోకి కావాలి. పద్నాలుగు, పదిహేనేళ్ల మగపిల్లవాడు ఇంట్లో ఉండడమే అప్పుడు ఒక ప్రమాదం. ఆ పిల్లల చేతికి ప్రభుత్వం తుపాకులు ఇవ్వడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు తేల్చేసరికి 2011 జూలై వచ్చింది.

అతడి తల్లి అంతవరకు ఆగలేదు. పదేళ్ల వయసులోనే అతడిని జగదల్‌పూర్‌లో ఒక వసతిగృహంలో చేర్చింది. చేర్చి ఒక షరతు పెట్టింది. పిలిస్తేనే రావాలి. దసరాకు అందరి పిల్లలూ ఊళ్లకు వెళ్లారు, అతడిని రావద్దంది. సంక్రాంతికి రావద్దంది. వేసవిలో చింతూరు వైపు మేనమామ ఇంటికి పొమ్మంది, తానే అక్కడికి వచ్చి రెండు రోజులు చూసి వెళ్లింది. ఎందుకని అడిగితే చదువు పాడవుతుందని చెప్పింది. ఇలా ఆరేళ్లు. తల్లికి తన మీద ప్రేమ లేదని పన్నెండేళ్ల పిల్లవాడికి అనిపించడంలో వింత లేదు. ఆ కోపాన్ని అతడు ఇరవై దాటేదాకా మోశాడు. తరువాత విషయం తెలిసింది, కోపం పోయింది. కాని పోయిందని తల్లితో ఎన్నడూ అనలేదు. ఆమె అడగలేదు.

ఓర్పు అన్న మాట అతడి కార్డులో ఎందుకు ఇమడలేదో ఇక్కడ తెలుస్తుంది. ఆమె చేసినది ఓర్చుకోవడం కాదు. ఆమె చుట్టూ ఉన్న పరిస్థితిని చదివింది, ముందుగా పసిగట్టింది, ఒక నిర్ణయం తీసుకుంది, దాని ఖర్చును తానే భరించింది, కొడుకు కోపంతో సహా. దాన్ని ఓర్పు అంటే రెండు తప్పులు జరుగుతాయి. ఆమె బుద్ధి కనిపించకుండా పోతుంది. ఆమెను అక్కడికి నెట్టినవారు కూడా కనిపించకుండా పోతారు. 2017 నాటి బుర్కాపాల్ దాడి కేసులో అరెస్టయిన 121 మంది ఆదివాసులు 2022 జూలైలో నిర్దోషులుగా విడుదలయ్యారు. అయిదేళ్లు జైలులో ఉన్న తరువాత. ఆ ఇళ్ల తల్లులు ఎంత ఓపిక పట్టారో అని రాయడం చాలా సులువు. అలా రాసినప్పుడు ఆ అయిదేళ్ల ఆలస్యం ఎవరిదన్న ప్రశ్న వాక్యంలోంచి జారిపోతుంది. ఓర్పును పొగిడిన ప్రతిచోటా ఓర్చుకోవలసి రావడానికి కారణమైనవారు ఊపిరి పీల్చుకుంటారు.

తెలుగులో తల్లి సహనానికి పుస్తకాల మాటలకన్నా శరీరం నుంచి పుట్టిన మాటలు నిజాయితీగా ఉంటాయి. తప్పు చేసిన బిడ్డను కడుపులో పెట్టుకోవడం, చెప్పుకోలేనిదాన్ని కడుపులో దాచుకోవడం, కడుపుతీపి, కడుపుకోత, కళ్లలో వత్తులు వేసుకుని ఎదురుచూడడం. వీటిలో ఆమె ఏం చేసిందో ఉంటుంది, ఎక్కడ నొప్పి పుట్టిందో ఉంటుంది. కడుపులో దాచుకున్నది అన్నప్పుడు, దాచినది ఏమిటి అన్న ప్రశ్న తప్పక వస్తుంది. ఓర్పు అన్నప్పుడు ఏ ప్రశ్నా రాదు. చేతిరాత కార్డుకు మాట ఏరుకునేవారికి ఈ తేడా చాలు.

రాయడం మాత్రం అతడికి మరో కష్టం. హిందీ మాధ్యమంలో చదివిన చేయి అది. తెలుగు మాట్లాడతాడు, దుకాణాల పేర్లు కూడబలుక్కుని చదువుతాడు, రాయడం రాదు. హిందీలో రాసి పంపితే ఎవరో ఒకరు తల్లికి చదివి వినిపించాలి. చదివి వినిపించేవాడి ముందు కొన్ని మాటలు చెప్పలేడు. అందుకని ఒకటో తరగతి వాచకం కొని, రాత్రిపూట కూతురి పక్కన కూర్చుని అక్షరాలు దిద్దాడు. ల, ళ తారుమారయ్యాయి. ఒత్తులు ఎటు వేలాడాలో తెలియక పక్కకు ఒరిగాయి. భార్య నవ్వింది, కూతురు సరిదిద్దబోయింది. నాలుగు కాగితాలు పాడయ్యాక కార్డు మీదికి వచ్చాడు.

ఇంతకూ తెలుగులో ఈ సందర్భానికి సరిపోయే సామెత ఒకటి మిగిలే ఉంది: తల్లికి కూడు పెట్టనివాడు పినతల్లికి చీర పెడతానన్నాడట. ఇది పొగడదు, నిలదీస్తుంది. ఛత్తీస్‌గఢీలో తల్లిని మహతారి అంటారు. ఆ పేరుతోనే 2024 మార్చిలో మహతారీ వందన యోజన మొదలైంది. వివాహిత స్త్రీలకు నెలకు రూ. 1,000. ఆ డబ్బు అతడి తల్లికీ వస్తుంది, ఆమెకు అది అక్కరకు వస్తుంది కూడా. తప్పు పట్టవలసింది డబ్బును కాదు. వందనం చేసే నోరు, బాకీలను ఎప్పుడు లెక్కిస్తుందన్నదే సామెత అడిగే ప్రశ్న. కొడుకు ఆ సామెతను కార్డు మీద రాయలేదు, కాని తనకు తాను వర్తింపజేసుకున్నాడు. కార్డు కూడా ఒక వందనమే. కూడు పెట్టావా అన్నది దాని ముందు నిలిచే ప్రశ్న.

అప్పుడు అతడికి మరో సామెత తట్టింది. అడగనిదే అమ్మయినా పెట్టదు. మొహమాటస్తులను కసరడానికి వాడే మాట ఇది. దాన్ని అతడు తిరగేశాడు. చివరకు కార్డు మీదికి ఎక్కినవి ఈ వాక్యాలు:

“అమ్మా, అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. ఇన్నేళ్లూ నేను అడిగాను, నువ్వు పెట్టావు. నా పుస్తకాలకు ఎన్ని తునికాకులు కోశావో లెక్క వేశాను. చెప్పుల దగ్గర ఆపేశాను. పండక్కి రావద్దన్నావని నీ మీద చాలా ఏళ్లు కోపం పెట్టుకున్నాను. ఎందుకన్నావో ఇప్పుడు తెలుసు. నువ్వు అలా అనకపోతే ఈ కార్డు రాసే చేయి ఉండేది కాదు. కోపం పోయింది. ఆ సంగతి నీకు చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను. ఇప్పపూల రోజుల్లో వస్తున్నాం. నీకేం కావాలో ఈసారి నేను అడుగుతున్నాను. ఏమీ వద్దనకు.”

ఓర్పు అన్న మాట లేదు. త్యాగం లేదు. దేవత లేదు. పది వాక్యాలు దాటిన కార్డులో తప్పులు ఏడో ఎనిమిదో ఉన్నాయి.

కార్డు చేరిన మూడో రోజు తల్లి ఫోన్ చేసింది. కోపం సంగతి ఎత్తలేదు. చెప్పుల సంగతి ఎత్తింది. విసిరేశావని అప్పుడే తెలుసు, ఆ బస్సు కండక్టరు చెప్పాడంది. ళ తిరగబడిందంది. తరువాత కాసేపు ఊరుకుంది. ఏం కావాలో చెప్పమని అతడు మళ్లీ అడిగితే, కళ్లద్దాలు అంది. కార్డు చదవడానికి రెండు రోజులు పట్టిందట. చేయి చాచి ఎండలో పట్టుకుంటేనే అక్షరాలు ఆగాయట. దగ్గరి చూపు తగ్గి నాలుగేళ్లయిందట.

నాలుగేళ్లలో అతడు కుంటకు తొమ్మిదిసార్లు వెళ్లాడు. బియ్యంలో రాళ్లు మేనత్త ఎందుకు ఏరుతోందో, సూదిలో దారం తనకే ఎందుకు అందిస్తోందో గమనించలేదు. అమ్మకు ఓపిక ఎక్కువ అని మాత్రం ప్రతిసారీ ఎవరితోనో ఒకరితో అన్నాడు.